రెండు వాంగ్మూలాల మధ్య తెగిపోని ఒప్పందం: పరస్పర అంగీకార విడాకుల పిటిషన్ ఎలా రాయాలి

"రెండో పిటిషనర్ మొదటి పిటిషనర్‌కు చెందిన బంగారం, భూమి తిరిగి ఇచ్చివేయగలడు. పాప తల్లి వద్దనే ఉండును. ఇకమీదట ఇరువురి మధ్య ఎటువంటి లావాదేవీలు లేవు." పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితంలోని ఇలాంటి మూడు వాక్యాలు అక్షరం మారకుండా విడాకుల పిటిషన్‌లోకి ఎక్కడం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొత్తేమీ కాదు. చదివితే అంతా తేలిపోయినట్టే ఉంటుంది. బంగారం ఎంత, భూమి ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలు, ఏ తేదీలోగా ఇవ్వాలి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అనే ప్రశ్నలకు మాత్రం అందులో జవాబు దొరకదు. ఒప్పందాలు తెగేది అక్కడే.

తెగడానికి చట్టమే కొంత వ్యవధి ఇస్తుంది. హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ 1976 సవరణతో వచ్చింది. దంపతులు కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి బతకలేకపోయామని చెప్పాలి, వివాహాన్ని రద్దు చేసుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. పిటిషన్ వేసి మొదటి వాంగ్మూలం ఇచ్చాక, పిటిషన్ దాఖలైన తేదీ నుంచి 6 నెలలు గడిచిన తర్వాత, 18 నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. డిక్రీ వచ్చేవరకు అంగీకారాన్ని ఒక్కరే వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లో సురేష్తా దేవి కేసులో చెప్పింది. రెండోసారి కోర్టుకు రాని మనిషి ఒప్పుకున్నట్టే అనుకోవడానికి వీల్లేదని 2009లో స్మృతి పహారియా కేసులో తేల్చింది. అంటే సంతకం చేసిన రోజున ఉన్న ఒప్పుదల 6 నెలల తర్వాత కూడా ఉండాలి. మాట నిలబెట్టుకోవడమే ఇద్దరికీ లాభంగా ఉండేలా షరతులను వరసగా పేర్చడమే ఈ పిటిషన్ రాయడంలోని అసలు పనితనం. మిగతాదంతా దాదాపు నమూనా కాగితమే.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ ముద్ర వేయించుకున్న తెగతెంపుల పత్రం సంగతి ముందే చెప్పుకోవాలి. దానితో వివాహం రద్దు కాదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను అదే చట్టంలోని 29(2) సెక్షన్ కాపాడుతుంది. కానీ ఆ ఆచారం తమ కులంలో చాలాకాలంగా నడుస్తోందని సాక్ష్యాలతో నిరూపించే భారం దాన్ని చెప్పుకొనేవారిదే. ఆ పత్రాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవారు చిక్కుల్లో పడతారు. పంచాయితీలో కుదిరిన మాటకు విలువ లేదని కాదు, దాన్ని కోర్టు అమలు చేయగల భాషలోకి మార్చుకోవాలని.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 2015లో దేవరకొండలో పెళ్లి జరిగింది. భర్త మిర్యాలగూడలో రైస్‌మిల్లులో సూపర్‌వైజరు, నెలకు 38 వేల జీతం. 2018లో పాప పుట్టింది. 2024 జనవరి నుంచి భార్య పాపతో పుట్టింట్లో ఉంటోంది. అదే ఏడాది మార్చిలో ఆమె అత్తింటి వేధింపుల మీద 498ఎ కింద ఫిర్యాదు చేసింది. పెళ్లప్పుడు ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం 20 గుంటలు అల్లుడి పేరనే రిజిస్టరై ఉంది. పెట్టిన బంగారం 12 తులాలు, అది అత్తగారి బీరువాలో ఉంది. పెద్దమనుషులు కుదిర్చిన లెక్క ఇది: భార్యకు మొత్తంగా 10 లక్షలు, పాపకు నెలకు 8 వేలు, భూమి, బంగారం వెనక్కి, కేసు రద్దు. 2025 ఆగస్టులో పిటిషన్ వేయబోతున్నారు.

పిటిషన్ ఒళ్లు చిన్నదే. భార్య మొదటి పిటిషనర్, భర్త రెండో పిటిషనర్. ఇందులో ప్రతివాది ఉండడు. పెళ్లి తేదీ, స్థలం, సంప్రదాయం, సంతానం వివరాలు, చివరిసారి కలిసి కాపురం చేసిన చోటు, విడిపోయిన తేదీ, ఇప్పుడు నడుస్తున్న ఇతర కేసుల నంబర్లు, ఈ అంగీకారం వెనుక ఒత్తిడి, మోసం లేవన్న ప్రకటన. అంతే. పోరాడే విడాకుల నమూనా తెచ్చుకుని అందులోని ఆరోపణలు తీయకుండా వదిలేయడం తరచూ కనిపించే పొరపాటు. కొట్టాడు, తిట్టింది, తాగొచ్చాడు అన్న మాటలకు 13బిలో పని లేదు. పైగా అవి కోర్టు రికార్డులో శాశ్వతంగా ఉండిపోతాయి. ఇప్పుడు ఏడేళ్ల పాప పెద్దయ్యాక ఆ కాగితం చదవగలదు. "అభిప్రాయ భేదాల వల్ల కలిసి జీవించలేకపోయారు" అన్న ఒక్క వాక్యం చాలు.

విడిపోయిన తేదీని మాత్రం కచ్చితంగా రాయాలి. "సుమారు ఏడాదిగా" అని రాస్తే జడ్జి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ కూడా భార్యాభర్తలుగా బతకకపోతే అది విడిగా ఉండటమేనని సురేష్తా దేవి తీర్పే చెప్పింది. కాబట్టి అలాంటి వారు నిజమే రాయవచ్చు. ఈ ఉదాహరణలో ఆ తేదీకి ఇంకో ప్రయోజనం ఉంది. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 6 నెలల గడువును మినహాయించే అధికారం కుటుంబ న్యాయస్థానాలకు ఉందని చెప్పింది. విడిగా ఉన్న కాలం మొదటి వాంగ్మూలానికి ముందే ఏడాదిన్నర దాటి ఉండాలి, రాజీ యత్నాలు ఫలించకపోయి ఉండాలి, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి. 2024 జనవరి నుంచి 2025 ఆగస్టుకు 19 నెలలు. మొదటి వాంగ్మూలం తర్వాత వారం రోజులకు మినహాయింపు కోసం విడిగా దరఖాస్తు వేసుకోవచ్చు. దాన్ని ఆమోదించడం జడ్జి విచక్షణ. షరతులు ఇంకా తేలకుండా వేలాడుతుంటే ఆ విచక్షణ అనుకూలంగా వస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

ఏ కోర్టులో వేయాలన్నది ఇప్పుడు ఒకసారి సరిచూసుకోవాలి. 2022 జూన్‌లో రాష్ట్రంలో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాత అలవాటుతో సూర్యాపేట వారు నల్లగొండకు, నాగర్‌కర్నూల్, వనపర్తి వారు మహబూబ్‌నగర్‌కు పరుగెత్తనక్కర్లేదు. పెళ్లి జరిగిన చోటు గానీ, చివరిసారి కలిసి ఉన్న చోటు గానీ ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం లేని చోట ఈ పిటిషన్లను సీనియర్ సివిల్ జడ్జి కోర్టు చూస్తుంది.

ఇక అసలు విషయం, డబ్బు. "10 లక్షలు ఇవ్వడానికి అంగీకరించాడు" అని రాస్తే ఇద్దరికీ భయమే. ముందే మొత్తం ఇచ్చేస్తే ఆమె రెండో వాంగ్మూలానికి రాకపోవచ్చని అతని భయం. రెండో వాంగ్మూలం ఇచ్చేస్తే డబ్బు రాదేమోనని ఆమె భయం. రెండు భయాలూ న్యాయమైనవే. అందుకే మొత్తాన్ని మూడు ముక్కలు చేయాలి. మొదటి వాంగ్మూలం రోజున కోర్టులో 3 లక్షల డిమాండ్ డ్రాఫ్టు. రెండో వాంగ్మూలం రోజున, ఆమె సాక్ష్యం నమోదయ్యే ముందు జడ్జికి చూపించి 4 లక్షల డ్రాఫ్టు. క్రిమినల్ కేసు రద్దయ్యాక మిగిలిన 3 లక్షలు. ప్రతి చెల్లింపుకూ డ్రాఫ్టు నంబరు, బ్యాంకు, తేదీ పిటిషన్‌లోగాని వాంగ్మూలంలోగాని నమోదు కావాలి. నగదు ఇచ్చుకుని రసీదు రాసుకునే పద్ధతి మానుకోవాలి. ఆ రసీదు మీద వచ్చినన్ని తగాదాలు అసలు డబ్బు మీద కూడా రావు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని చిక్కు ఒకటి ఉంది. నమ్మకం కోసం మిగతా డ్రాఫ్టులను ముందే తీసి మధ్యవర్తి దగ్గరో న్యాయవాది దగ్గరో పెడతారు. డ్రాఫ్టు చెల్లుబాటు 3 నెలలే. 6 నెలల తర్వాత కవరు తెరిస్తే అందులో ఉన్నది కాలం చెల్లిన కాగితం. దాన్ని మళ్లీ చెల్లుబాటు చేయించాలంటే డ్రాఫ్టు తీసిన మనిషి బ్యాంకుకు వెళ్లాలి, అంటే మొత్తం కథ మళ్లీ అతని చేతిలోకే పోతుంది. కాబట్టి చివరి 3 లక్షలను రెండో వాంగ్మూలం రోజునే కోర్టులో డిపాజిట్ చేయించి, కేసు రద్దు ఉత్తర్వు నకలు చూపిన రోజున ఆమె తీసుకునేలా రాయడం మేలు.

అంగీకారం వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో కూడా రాయాలి. ఆమె వెనక్కి తగ్గితే అప్పటికే తీసుకున్న 3 లక్షలు తర్వాత వేసే భరణం కేసులో జమ కావాలి. అతను వెనక్కి తగ్గితే ఆ సొమ్ము తిరిగి అడగకూడదు. ఈ షరతు ఎవరినీ విడాకులకు బలవంతపెట్టదు, అలా పెట్టడం కుదరదు కూడా. మాట తప్పడాన్ని ఖరీదైన పనిగా మారుస్తుంది, అంతే.

మరో తరహా వాక్యం ఉంది: "మొదటి పిటిషనర్ తన భరణ హక్కును శాశ్వతంగా వదులుకున్నది." ప్రతిఫలంగా తగిన మొత్తం ఏదీ లేకుండా ఇలా రాస్తే అది గట్టిగా నిలవదు. పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీ కూడా తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు 1995లో వనమాల కేసులో చెప్పింది. ఆ సెక్షన్ స్థానంలో ఇప్పుడున్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144. అందుకే ఇచ్చే 10 లక్షలు దేనికోసమో విడమరిచి చెప్పాలి. అందులో ఆమె గత భరణం, శాశ్వత భరణం ఉన్నాయి, పాప పోషణ లేదు, బంగారం విలువ లేదు, భూమి విలువ లేదు. ఇలా విడదీయకపోతే ఏడాది తర్వాత పాప ఫీజు అడిగినప్పుడు "ఆ పదిలోనే అంతా అయిపోయింది" అన్న మాట వినపడుతుంది.

పాప విషయానికి వస్తే తల్లిదండ్రుల స్వేచ్ఛ బాగా తగ్గుతుంది. పోషణ హక్కు పాపది, దాన్ని తల్లి వదులుకోలేదు. తండ్రి ఆస్తిలో కూతురి వారసత్వాన్ని ఈ ఒప్పందం తుడిచెయ్యలేదు. సంరక్షణ ఏర్పాట్లను హిందూ వివాహ చట్టం 26 సెక్షన్ కింద కోర్టు తర్వాత ఎప్పుడైనా మార్చవచ్చు. "భవిష్యత్తులో పాప విషయమై ఏ కోర్టునూ ఆశ్రయించరాదు" అన్న వాక్యం రాసినవారి ధైర్యాన్ని మాత్రమే చెబుతుంది, దానికి బలం లేదు.

నెలకు 8 వేలు అన్న అంకెనే దగ్గరగా చూస్తే రాతలో జరిగే నిర్లక్ష్యం తెలుస్తుంది. పాపకు ఇప్పుడు ఏడేళ్లు. "ఏటా 10 శాతం పెంచి ఇవ్వాలి" అని రాశారనుకుందాం. 10 శాతం మొదటి 8 వేల మీదనా, అప్పటికి పెరిగిన మొత్తం మీదనా? మొదటి లెక్కన ఏటా 800 చొప్పున పెరిగి, పదో పెంపు నాటికి నెలకు 16,000 అవుతుంది. రెండో లెక్కన అదే పెంపుకు సుమారు 20,750 అవుతుంది. ఒక్క మాట రాయకపోవడం వల్ల నెలకు 4,750 రూపాయల తేడా. "అంతకు ముందు సంవత్సరం చెల్లించిన మొత్తం మీద, ప్రతి జూన్ నుంచి" అంటే గొడవ ఉండదు. ప్రతి నెలా 5వ తేదీలోగా ఫలానా ఖాతాలో జమ కావాలని, స్కూలు ఫీజు దీనికి అదనమా కాదా అని, అదనమైతే నేరుగా బడికే కట్టాలని చేర్చాలి. 18 ఏళ్లు నిండగానే ఆపేయవచ్చని కూడా రాయకూడదు. తనను తాను పోషించుకోలేని అవివాహిత కూతురి బాధ్యత హిందూ దత్తత, పోషణ చట్టం 20 సెక్షన్ ప్రకారం తండ్రి మీద కొనసాగుతుంది.

చూసే హక్కును "వీలైనప్పుడల్లా" అని రాస్తే అది ఎవరికీ వీలవదు. రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి పాపను అమ్మమ్మ ఇంటి నుంచి తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం 5 గంటలకు అక్కడే దింపాలి అంటే అర్థమవుతుంది. బస్టాండులో అప్పగించుకోవడం వద్దు. అక్కడ జరిగే మాటామాటా పాప ముందే జరుగుతుంది. వేసవి సెలవులు చెరి సగం. దసరా సెలవుల్లో బతుకమ్మ రోజులు తల్లి దగ్గర, దసరా నుంచి బడి తెరిచేవరకు తండ్రి దగ్గర. సంక్రాంతి ఏడాదికొకరు. బడి మార్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా ఎవరి సంతకం కావాలో, అడిగిన ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ముందే ఉంటే తర్వాత దాని కోసం పిటిషన్ వేసే పని తప్పుతుంది.

బంగారం దగ్గర తూకమే తగాదా. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, నేటి దుకాణాల్లో మామూలుగా 10 గ్రాములు. 12 తులాలంటే ఒక లెక్కన 120 గ్రాములు, మరో లెక్కన దాదాపు 140. కాబట్టి తులాలు రాయనే వద్దు. పుస్తెల తాడు, నల్లపూసలు, గాజులు జత అంటూ ఒక్కో వస్తువు పేరు, గ్రాముల్లో బరువు షెడ్యూల్‌గా జోడించి, మొదటి వాంగ్మూలం రోజునే అప్పగించి ఇద్దరూ సంతకాలు చేయడం తేలిక. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని 1985లో ప్రతిభారాణి కేసులోనే తేలింది. దాన్ని చివరి వరకు బేరానికి అట్టిపెట్టుకోవడం భర్తకూ మంచిది కాదు.

భూమి మాత్రం కాగితం మీద రాయగానే మారదు. విడాకుల డిక్రీలో "భూమి భార్యకు చెందును" అని ఉన్నా పట్టాదారు పాసు పుస్తకం అతని పేరనే ఉంటుంది. రాజీ డిక్రీలోని స్థిరాస్తి ఆ కేసు విషయంలో భాగం కాకపోతే దానికి రిజిస్ట్రేషన్ తప్పదని రిజిస్ట్రేషన్ చట్టం 17 సెక్షన్ చెబుతోంది. ఈ వాదనకు చోటివ్వకుండా భూమిని పిటిషన్ షెడ్యూల్‌లో చూపించి, దానితోపాటు విడిగా రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. షరతు ఇలా ఉండవచ్చు:

"షెడ్యూల్‌లో సర్వే నంబరు, హద్దులతో చూపిన ఎకరం 20 గుంటల వ్యవసాయ భూమిని రెండో పిటిషనర్, రెండో వాంగ్మూలం తేదీకి కనీసం 10 రోజుల ముందు, రిజిస్టర్డ్ దాన పత్రం ద్వారా మొదటి పిటిషనర్‌కు బదిలీ చేసి స్వాధీనం అప్పగించాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు రెండో పిటిషనర్‌వే. భూమి మీద పంట రుణం గాని మరే బాకీ గాని ఉంటే బదిలీకి ముందే ఆయనే తీర్చాలి."

రెండో వాంగ్మూలానికి ముందు అనడంలో ఒక లెక్క ఉంది. డిక్రీ వచ్చేవరకు వాళ్లు భార్యాభర్తలే. కుటుంబ సభ్యులకిచ్చే దాన పత్రానికి స్టాంపు సుంకం బయటివారికిచ్చే దానికంటే తక్కువ. డిక్రీ వచ్చిన మర్నాడు ఆ సౌకర్యం ఉండదు. వ్యవసాయ భూమి కాబట్టి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాల్సింది తహసీల్దార్ కార్యాలయానికే. 2020లో ధరణితో మొదలైన ఈ పద్ధతి భూభారతి వచ్చాక కూడా కొనసాగుతోంది. ఇల్లో ప్లాటో అయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి. స్లాట్ బుక్ చేసే ముందే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో, బ్యాంకులో తాకట్టు ఉందేమో చూసుకోవాలి. ఇంటి రుణం ఇద్దరి పేర ఉన్న కేసుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. "వాయిదాలు భర్తే కట్టాలి" అన్న షరతు వాళ్లిద్దరి మధ్యే. బ్యాంకు ఆ ఒప్పందంలో లేదు, వాయిదా తప్పితే భార్యకూ నోటీసు వస్తుంది. రుణం తీర్చేయడమో, బ్యాంకు రాతపూర్వకంగా ఆమె పేరు తీసేయడమో జరగాలి.

క్రిమినల్ కేసు గురించి "కేసు వాపసు తీసుకోవాలి" అని రాయడం వాడుక. 498ఎ కేసును ఫిర్యాదుదారు తనంతట తాను వాపసు తీసుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఒక సవరణ కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది, కేంద్ర చట్టంలోని రాజీ జాబితాలో మాత్రం ఆ నేరం లేదు. నమ్మదగిన దారి హైకోర్టులో రద్దు పిటిషన్. కాబట్టి ఆమె చేయాల్సిన పనిని పనిగానే రాయాలి: రెండో వాంగ్మూలం నాటికి రద్దుకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్ సంతకం చేసి ఇవ్వాలి, పిలిచిన రోజున హాజరై అదే చెప్పాలి. రద్దు పిటిషన్ వేయడం, ఖర్చు భరించడం అతని పని. పరస్పర అంగీకార విడాకులు, వాటి లాభాలు తీసుకుని కేసును మాత్రం నడపాలనుకుంటే న్యాయస్థానాలు ఒప్పుకోవు. 2004లో రుచి అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి కేసును కొట్టేసింది.

చివరగా ప్రార్థన భాగం, అంటే కోర్టును ఏం కోరుతున్నామో రాసే చోటు. "వివాహాన్ని రద్దు చేయవలెను" అన్న ఒక్క వాక్యంతో ముగిస్తే డిక్రీ కూడా ఆ ఒక్క వాక్యంతోనే వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఇన్ని పేజీల షరతులూ మామూలు ఒప్పందంగా మిగిలి, ఎగ్గొట్టినవాడి మీద కొత్తగా దావా వేయాల్సి వస్తుంది. షరతులు, షెడ్యూళ్లు డిక్రీలో భాగం కావాలని విడిగా కోరాలి. అలా భాగమైతే హిందూ వివాహ చట్టం 28ఎ సెక్షన్ కింద సివిల్ డిక్రీలాగే నేరుగా అమలుకు పెట్టుకోవచ్చు. తీర్పు చదివిన రోజున ఇంటికి వెళ్లిపోకుండా డిక్రీ సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు చేసి, చేతికి వచ్చాక ఆ షెడ్యూళ్లు వెనకాల జతపడ్డాయో లేదో పేజీలు తిప్పి చూసుకోవాలి. లేకపోతే సవరణ కోసం అదే కోర్టులో వెంటనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.